86 లక్షల తేడా, నాలుగు కారణాలు, ఒక్కటే దిద్దుబాటు: వేరియన్స్ నోట్ ఎలా రాయాలంటే

నెల క్లోజింగ్ అయ్యాక, బడ్జెట్‌కీ అసలు ఖర్చుకీ తేడా ఎందుకొచ్చిందో చెప్తూ ఫైనాన్స్ టీమ్‌కి వచ్చే వేరియన్స్ నోట్లలో చాలావరకు ఇలాగే ఉంటాయి: "రొయ్యల కొనుగోలు ఖర్చు బడ్జెట్ కంటే 86.28 లక్షలు ఎక్కువైంది. మార్కెట్లో రేట్లు పెరగడం, కొనుగోళ్ల మీద సరైన కంట్రోల్ లేకపోవడం దీనికి కారణం. ఇకపై ఏజెంట్లతో గట్టిగా బేరమాడతాం, వేస్టేజ్ తగ్గిస్తాం." చదవడానికి బానే ఉంటుంది, కారణం చెప్పినట్టుంది, ఏం చేస్తారో కూడా చెప్పినట్టుంది. కానీ ఈ మూడు వాక్యాల్లో ఒక్కటైనా నిజమో కాదో చూడాలంటే ఏ రిజిస్టర్ తెరవాలో నోట్‌లో లేదు. పైగా "కంట్రోల్ లేకపోవడం" అనేది అసలు కారణమే కాదు, "కంట్రోల్ పెడతాం" అని చెప్పాలనుకున్న దాన్ని తిరగేసి కారణం గడిలో రాశారు. అలా రాసేస్తే కారణం వెతికే పని అక్కడితో ఆగిపోతుంది, ఇదే నాకు అన్నిటికంటే పెద్ద నష్టం అనిపిస్తుంది.

అందుకే ఒక్క కేసు తీసుకుని మొదట్నుంచీ చివరిదాకా వెళ్దాం. వైజాగ్‌లో రొయ్యలు ప్రాసెస్ చేసి ఎగుమతి చేసే ఒక ప్లాంట్ అనుకోండి. భీమవరం, అమలాపురం వైపు చెరువుల నుంచి వనామీ రొయ్య ఐసు వేసుకుని హైవే మీద లారీల్లో వస్తుంది, ఇక్కడ తలలు తీసి, కడిగి, ఫ్రీజ్ చేసి, ప్యాక్ చేసి, రీఫర్ కంటైనర్‌లో పోర్టుకి పంపుతారు. అంకెలు లెక్క తేలిగ్గా ఉండాలని నేను గుండ్రంగా వేసుకున్నవి, ఏ కంపెనీవీ కావు, కానీ లెక్క నడిచే తీరు మాత్రం నిజంగా ఇలాగే ఉంటుంది.

జూన్ నెల బడ్జెట్ ఇదీ. తల తీసిన రొయ్య 100 టన్నులు తయారు చేయాలి. ఒక కేజీ తయారవ్వాలంటే చెరువు రొయ్య 1.6 కేజీలు పడుతుందని అనుకున్నారు, అంటే యీల్డ్ 62.5 శాతం. కేజీకి సగటు రేటు 300 రూపాయలు. కాబట్టి 160 టన్నుల రొయ్య, 4 కోట్ల 80 లక్షలు.

నెలాఖరుకి నిజంగా జరిగింది ఇదీ. తయారైంది 110 టన్నులు. వాడిన రొయ్య 181.5 టన్నులు. సగటు రేటు 312 రూపాయలు. ఖర్చు 5 కోట్ల 66 లక్షల 28 వేలు. తేడా 86.28 లక్షలు, బడ్జెట్ మీద దాదాపు 18 శాతం. మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో ఈ 18 శాతం అనే అంకె తెర మీద ఎర్రగా కనిపించగానే అందరి చూపూ పర్చేజ్ వాళ్ల మీదకి వెళ్తుంది, పాపం వాళ్లు కూడా ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి "రేట్లు పెరిగాయి సార్" అంటారు. అక్కడే మన నోట్ పని మొదలవుతుంది.

ముందు వాల్యూమ్ తీసి పక్కన పెట్టండి

100 టన్నుల బడ్జెట్‌ని 110 టన్నుల ఖర్చుతో పోల్చడం మొదటి తప్పు. సరుకు పది టన్నులు ఎక్కువ చేశాం కాబట్టి రొయ్య ఎక్కువ పట్టడం మామూలే, అది ఎవరి లోపమూ కాదు. అందుకని బడ్జెట్‌ని 110 టన్నులకి మళ్లీ వేసుకోవాలి, దీన్నే ఫ్లెక్స్ చేయడం అంటాం: 110 టన్నులు, 1.6 చొప్పున 176 టన్నుల రొయ్య, 300 రూపాయల చొప్పున 5 కోట్ల 28 లక్షలు. అంటే 86.28 లక్షల్లో 48 లక్షలు సరుకు ఎక్కువ చేసినందుకే అయింది. సగం కంటే ఎక్కువ ఇక్కడే తేలిపోయింది.

ఈ 48 లక్షలకి నోట్‌లో కారణం రాయాలి, దిద్దుబాటు రాయక్కర్లేదు. కానీ కారణం అంటే "ప్రొడక్షన్ పెరిగింది" అని ఆపేస్తే సరిపోదు, ఎందుకు పెరిగింది, ఆ పది టన్నులు అమ్ముడయ్యాయా లేక కోల్డ్ స్టోర్‌లో ఉన్నాయా అనేది ఒక్క వాక్యంలో చెప్పాలి. జూలైలో వెళ్లాల్సిన షిప్‌మెంట్‌ని ముందుకి జరిపి జూన్‌లోనే చేశారనుకోండి, అప్పుడు జూలైలో ఆ మేరకి తక్కువ కనిపిస్తుంది, ఏడాది మొత్తం మీద ఏ తేడా ఉండదు. కొత్త ఆర్డర్ వచ్చిందనుకోండి, ఏడాది అంచనానే పెరుగుతుంది. అమ్మకం లేకుండా స్టోర్‌లో పేరుకుందనుకోండి, అది ఇంకో కథ, డబ్బు ఇరుక్కుపోయింది, కరెంట్ బిల్లు ఎక్కుతోంది. ఖర్చు పట్టికలో మూడూ 48 లక్షలే, ఫైనాన్స్ వాళ్లు చేయాల్సిన పని మాత్రం మూడింటికీ వేరు. మన కేసులో కొత్త ఆర్డర్ అనుకుందాం, సరుకు వెళ్లిపోయింది, బిల్లు అయిపోయింది.

మిగిలింది 38.28 లక్షలు. దీన్ని రేటు, వాడకం అని రెండుగా విడగొడతాం. రేటు వైపు: 181.5 టన్నుల మీద కేజీకి 12 రూపాయలు, 21.78 లక్షలు. వాడకం వైపు: పట్టాల్సింది 176 టన్నులు, పట్టింది 181.5, అంటే 5.5 టన్నులు ఎక్కువ, బడ్జెట్ రేటు 300 చొప్పున 16.50 లక్షలు. రెండూ కలిపితే 38.28. ఇక్కడ చిన్న విషయం, ఎక్కువ పట్టిన 5.5 టన్నుల మీద ఎక్కువైన 12 రూపాయలు, అంటే 66 వేలు, రెండు గళ్లలో దేనికైనా చెందొచ్చు. మనం రేటు వైపు వేశాం, ఎక్కువమంది అలాగే వేస్తారు. ఎలా వేసినా ఫర్లేదు గానీ నెలనెలా మార్చొద్దు, మారిస్తే ఈ నెల అంకెని పోయిన నెల అంకెతో పోల్చలేం.

చాలా నోట్లు ఇక్కడే ఆగిపోతాయి, రేటు 21.78, వాడకం 16.50, అయిపోయింది అని. నిజానికి ఇప్పటిదాకా మనం కనుక్కుంది తేడా ఎక్కడ ఉందనేది మాత్రమే, ఎందుకొచ్చిందనేది ఇంకా కనుక్కోలేదు. రేటు వేరియన్స్ అనేది లెక్కలో ఒక గడి పేరు, కారణం కాదు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే "రేట్లు పెరిగాయి" లాంటి వాక్యాలు పుడతాయి.

రేటు పెరగకుండానే సగటు పెరగొచ్చు

సగటు 300 నుంచి 312 అయింది కాబట్టి మార్కెట్ 4 శాతం పెరిగిందని అందరూ నమ్మేస్తారు. కానీ రొయ్యకి ఒకే రేటు అనేది ఉండదు కదా, కౌంట్‌ని బట్టి ఉంటుంది. 40 కౌంట్ అంటే కేజీకి 40 రొయ్యలు తూగేది, 60 కౌంట్ అంటే 60 తూగేది, కౌంట్ తక్కువైతే రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. బడ్జెట్ ఎలా వేశారో వెనక్కి వెళ్లి చూస్తే 40 కౌంట్ సగం 340 రూపాయల చొప్పున, 60 కౌంట్ సగం 260 చొప్పున, సగటు 300 అని ఉంది. జూన్ పర్చేజ్ రిజిస్టర్‌ని కౌంట్ వారీగా విడగొట్టి చూస్తే 40 కౌంట్ సగటున 340కే కొన్నారు, 60 కౌంట్ 260కే కొన్నారు. రేటు అంగుళం కదల్లేదు. మారిందల్లా పాళ్లు, ఈసారి 40 కౌంట్ 65 శాతం, 60 కౌంట్ 35 శాతం. 340లో 65 శాతం 221, 260లో 35 శాతం 91, కలిపితే 312.

అంటే 21.78 లక్షల్లో ఒక్క రూపాయి కూడా మార్కెట్ రేటు వల్ల రాలేదు, మొత్తం మిక్స్. కొత్త ఆర్డర్ పెద్ద రొయ్యకి వచ్చింది, పర్చేజ్ వాళ్లు పెద్ద రొయ్య కొన్నారు, అంతే. ఇప్పుడు "ఏజెంట్లతో గట్టిగా బేరమాడతాం" అన్న దిద్దుబాటుని ఒకసారి దీని పక్కన పెట్టి చూడండి. రేటు పెరగలేదు కాబట్టి బేరమాడటానికేం లేదు. పాటించాలని పర్చేజ్ వాళ్లు ప్రయత్నిస్తే సగటు తగ్గించడానికి వాళ్ల చేతిలో ఉన్న దారి ఒక్కటే, చిన్న రొయ్య ఎక్కువ కొనడం. అప్పుడు సగటు 300కి వచ్చేస్తుంది, రిపోర్టులో ఎరుపు పోతుంది, పెద్ద రొయ్య ఆర్డర్‌కి సరుకు చాలదు. కారణం తెలియకుండా రాసిన దిద్దుబాటు ఊరికే పనికిరాకుండా పోతే ఫర్లేదు, ఇలా తిరిగి మనకే తగులుతుంది.

మిక్స్ మారడం మంచిదా చెడ్డదా అనేది ఖర్చు పట్టిక ఒక్కటే చూసి చెప్పలేం, అమ్మకం వైపు కూడా చూడాలి. కేజీ రొయ్య మీద 12 రూపాయలు ఎక్కువైతే, 1.6 చొప్పున తయారైన కేజీ మీద 19 రూపాయల 20 పైసలు ఎక్కువైనట్టు. అమ్మకం సగటు రేటు కేజీకి అంతకంటే ఎక్కువ పెరిగిందా? పెరిగితే ఈ 21.78 లక్షలు అడ్వర్స్, అంటే ప్రతికూలం, అని ఎర్రరంగు వేసి ఉన్నా కంపెనీకి లాభమే. అయితే ఎగుమతి అమ్మకం డాలర్లలో కదా, రూపాయి విలువ మారినా సగటు అమ్మకం రేటు మారుతుంది, అందుకని పోల్చేటప్పుడు అమ్మకాన్ని బడ్జెట్ మారకపు రేటు దగ్గరే రూపాయల్లోకి మార్చి చూడాలి. లేకపోతే రూపాయి పడిపోయినందుకు వచ్చిన డబ్బుని పెద్ద రొయ్య ఖాతాలో వేసుకుని సంబరపడతాం.

మార్కెట్ రేటూ మిక్సూ రెండూ కలిసి మారిన నెలల్లో లెక్క కొంచెం పెరుగుతుంది గానీ పద్ధతి ఇదే: ముందు అసలు పాళ్లని బడ్జెట్ రేట్లతో గుణించి సగటు తీయండి, ఆ సగటుకీ బడ్జెట్ సగటుకీ మధ్య ఉన్నది మిక్స్, అక్కడి నుంచి అసలు సగటు దాకా మిగిలింది రేటు. కౌంట్లు రెండు కాక పది ఉన్నా ఇంతే. ఒక్కటే షరతు, బడ్జెట్ వేసేటప్పుడు ఏ కౌంట్ ఎంత శాతం అనుకున్నారో ఆ వర్కింగ్ షీట్ దొరకాలి. ఫైనల్ బడ్జెట్ ఫైల్లో సగటు 300 ఒక్కటే మిగిలి, వెనక లెక్క ఎవరి లాప్‌టాప్‌లోనో పోయిన చోట మిక్స్‌ని రేటు నుంచి విడదీయడం కుదరదు. అలాంటప్పుడు నోట్‌లో "రేటు, మిక్స్ కలిపి 21.78, విడదీయడానికి ఆధారం లేదు" అని ఉన్నది ఉన్నట్టు రాయడమే మేలు.

5.5 టన్నులు ఎటు పోయాయి

ఇప్పుడు వాడకం వైపు. కేజీకి 1.6 పట్టాల్సింది 1.65 పట్టింది. "వేస్టేజ్" అనే మాట చాలామంది నోట్లో రెడీగా ఉంటుంది, తలలు తీసేవాళ్లు కండ కూడా కోసేస్తున్నారు అని వెంటనే అనేస్తారు. రోజుకి గంటల తరబడి ఐసు నీళ్లలో చేతులు పెట్టి పనిచేసే ఆడవాళ్ల మీద ఆ మాట వేసేముందు కనీసం రెండు కాగితాలు చూడాలి.

మొదటిది నెలాఖరు రాత్రి ఇష్యూ స్లిప్పులు. జూన్ 30 సాయంత్రం షిప్టులో 3.3 టన్నుల రొయ్య చిల్ రూమ్ నుంచి ప్రాసెసింగ్‌కి ఇష్యూ అయింది, తలలు తీసి, కడిగి, ఫ్రీజర్‌లోకి వెళ్లింది, ప్యాకింగ్ జూలై 1 పొద్దున్న అయింది. ఇష్యూ జూన్‌లో పడింది, తయారైన సరుకు జూలైలో పడింది. నెల మొదట్లో ఇలా మధ్యలో ఉన్న సరుకేం లేదు, నెలాఖరున ఉంది, దాన్ని ఎవరూ లెక్కించలేదు. 3.3 టన్నులు, 300 చొప్పున 9.90 లక్షలు. ఇది నష్టం కాదు, ఫ్రీజర్‌లో ఉన్న సరుకు. టైమింగ్ తేడా అంటే ఇదే, ఈ నెల ఎక్కువ కనిపిస్తుంది, వచ్చే నెల అంత తక్కువ కనిపిస్తుంది. ఆ సరుకుని పుస్తకాల్లోకి తెస్తే రేటు వైపు అంకె కూడా కాస్త కదులుతుంది గానీ అది ముప్పై, నలభై వేల వ్యవహారం, ఇక్కడ వదిలేద్దాం.

రెండోది లాట్ వారీ యీల్డ్ రిజిస్టర్. మిగిలిన 2.2 టన్నులు, అంటే 6.60 లక్షలు, నెలంతా సమానంగా పోయిందా, కొన్ని లాట్లలోనే పోయిందా అనేది ఇది చెప్తుంది. తలలు తీసే దగ్గర కోత ఎక్కువవుతుంటే అన్ని లాట్లలోనూ కొంచెం కొంచెం పోవాలి, లేదా ఒక షిప్టు లాట్లలో పోవాలి. మన కేసులో అలా లేదు. ఎక్కువ లాట్లు 1.6 దగ్గరే ఉన్నాయి, మొత్తం కలిపి 30 టన్నుల దాకా ఉన్న కొన్ని లాట్లు మాత్రం 1.73 దగ్గర ఉన్నాయి, వాటిని రెండు షిప్టులూ చేశాయి, రెండు షిప్టుల్లోనూ అంతే వచ్చింది. అంటే తేడా చేతుల్లో లేదు, రొయ్యలో ఉంది.

ఆ లాట్ల రిసీవింగ్ షీట్లు తీస్తే క్వాలిటీ వాళ్లు "సాఫ్ట్ షెల్ ఎక్కువ" అని రాసి ఉంచారు. చెరువులవైపు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్య పెంకు విడుస్తుంది, కొత్త పెంకు గట్టిపడకముందే పట్టుబడి చేస్తే ఒళ్లు మెత్తగా, నీరు పట్టి ఉంటుంది. చెరువు గట్టు మీద తూకంలో ఆ నీరు కూడా తూగుతుంది, ఐసులో ప్రయాణం చేసి ఇక్కడికొచ్చేసరికి కారిపోతుంది, కడిగేసరికి ఇంకొంచెం పోతుంది. అందుకే కొనేవాళ్లు సాఫ్ట్ ఎక్కువుంటే తూకంలోనో రేటులోనో కోత వేస్తారు. ఈ లాట్లకి ఆ కోత వేశారా అని పర్చేజ్ బిల్లులు చూస్తే వేయలేదు. షిప్‌మెంట్ గేటు మూసే తేదీ దగ్గర పడింది, సరుకు కావాలి, పట్టుబడి ఆపమనలేదు, కోత గురించి మాట్లాడలేదు, పూర్తి తూకానికి పూర్తి రేటు ఇచ్చేశారు.

ఇదిగో ఇది కారణం. 86.28 లక్షల కింద దాగున్న అసలు నష్టం 6.60 లక్షలు, అది వచ్చింది సాఫ్ట్ షెల్ లాట్లకి కోత వేయకుండా కొన్నందుకు. నాలుగు అంకెల్లో ఇదే అన్నిటికంటే చిన్నది, దిద్దుబాటు కావాల్సింది కూడా దీనికొక్కదానికే. వేరియన్స్ పెద్దదైతే పెద్ద చర్య, చిన్నదైతే వదిలెయ్ అని పర్సంటేజ్ గీత పెట్టుకుని పనిచేసే చోట్ల ఇది దొరకదు, ఎందుకంటే 4.80 కోట్ల మీద 6.60 లక్షలంటే 1.4 శాతం కూడా కాదు. కానీ ఇలాంటి లాట్లు నెలకి రెండుసార్లు, అమావాస్యకీ పౌర్ణమికీ, ఏడాదంతా వస్తూనే ఉంటాయి.

నోట్‌లో రెండు భాగాలు, మధ్యలో గోడ

ఇప్పుడు రాయడం. నోట్‌ని రెండు భాగాలుగా పెట్టండి, మొదటి భాగంలో జరిగింది మాత్రమే, రెండో భాగంలో చేయబోయేది మాత్రమే. మొదటి భాగంలో ప్రతి వాక్యం జరిగిపోయిన కాలంలో ఉండాలి, పక్కన అంకె ఉండాలి, ఏ కాగితం చూసి చెప్తున్నామో ఉండాలి. "చేయాలి", "ఉండాల్సింది", "లోపించింది" లాంటి మాటలు అక్కడ కనిపించాయంటే గోడ దూకినట్టే. "లోపించింది" అనే మాట చూడ్డానికి జరిగిన విషయంలా ఉంటుంది గానీ నిజానికి అది మనం కావాలనుకుంటున్న దాని గురించి చెప్తుంది, అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. "పర్యవేక్షణ లోపించింది" బదులు "ఈ లాట్లకి సాఫ్ట్ కోత వేయలేదు" అని రాస్తే ఎవరైనా బిల్లు తీసి చూసుకోవచ్చు, తప్పయితే తప్పని చెప్పొచ్చు.

మన కేసుకి మొదటి భాగం దాదాపు ఇలా ఉంటుంది:

"జూన్‌లో రొయ్య ఖర్చు బడ్జెట్ కంటే 86.28 లక్షలు ఎక్కువ. ఇందులో 48.00 లక్షలు కొత్త ఆర్డర్ వచ్చి 100 టన్నులకి బదులు 110 టన్నులు తయారు చేసినందుకు. సరుకు జూన్‌లోనే బిల్లయింది. 21.78 లక్షలు 40 కౌంట్ వాటా 50 నుంచి 65 శాతానికి పెరిగినందుకు; కౌంట్ వారీ కొనుగోలు రేట్లు బడ్జెట్‌తో సమానంగానే ఉన్నాయి, ఆధారం పర్చేజ్ రిజిస్టర్. 9.90 లక్షలు జూన్ 30న ఇష్యూ అయి జూలై 1న ప్యాకైన 3.3 టన్నులది, ఇది జూలైలో వెనక్కి వస్తుంది. 6.60 లక్షలు సుమారు 30 టన్నుల సాఫ్ట్ షెల్ లాట్లలో యీల్డ్ తగ్గినందుకు. ఆ లాట్లు 1.73 దగ్గర నడిచాయి, మిగతావి 1.60, ఆ లాట్లకి కొనుగోలులో కోత వేయలేదు, ఆధారం లాట్ యీల్డ్ రిజిస్టర్, రిసీవింగ్ షీట్లు, బిల్లులు."

రెండో భాగం చాలా చిన్నగా ఉంటుంది, అలా ఉండడమే సరైనది:

"వాల్యూమ్: చర్య లేదు, ఏడాది అంచనా పెంచుతాం. మిక్స్: కొనుగోలు వైపు చర్య లేదు, అమ్మకం సగటు రేటుతో పోల్చి మార్జిన్ లెక్క ఫైనాన్స్ ఇస్తుంది. టైమింగ్: జూలై నుంచి నెలాఖరు రాత్రి ఫ్రీజర్‌లోనూ లైన్ మీదా ఉన్న సరుకుని స్టోర్స్ వాళ్లు లెక్కించి క్లోజింగ్ స్టాక్‌లో చూపిస్తారు. సాఫ్ట్ షెల్: క్వాలిటీ షీట్‌లో సాఫ్ట్ శాతం నిండకుండా పర్చేజ్ బిల్లు పాస్ చేయం, ఎంత శాతానికి ఎంత కోత అనే పట్టిక పర్చేజ్, క్వాలిటీ హెడ్‌లు కలిసి జూలై 10 లోపు ఇస్తారు. జూన్‌లో పోయిన 6.60 లక్షలు తిరిగి రావు."

ఆ ఆఖరి వాక్యం రాయడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ అది ఉండాలి. లేకపోతే దిద్దుబాటు అని రాసిన దాన్ని చూసి పోయిన డబ్బు ఏదో ఒక నెలలో తిరిగొస్తుందని క్యాష్ ఫ్లో వేసేవాళ్లు అనుకుంటారు. అలాగే టైమింగ్ తేడాకీ నష్టానికీ మధ్య గీత కూడా ఇక్కడే స్పష్టమవుతుంది, 9.90 వెనక్కొస్తుంది, 6.60 రాదు.

"చర్య లేదు" అని రాయడం కూడా చాలా ఆఫీసుల్లో ఇబ్బందే. ఫార్మాట్‌లో దిద్దుబాటు అనే గడి ఉంటే దాన్ని నింపాల్సిందే అన్నట్టు ఏదో ఒకటి రాసేస్తారు, "పర్యవేక్షణ పెంచుతాం", "సంబంధిత సిబ్బందికి సూచనలు ఇచ్చాం". ఫైనాన్స్ టీమ్ వైపు నుంచి దీనికి చేయగలిగింది ఒకటుంది, ఆ గడిలో చర్య లేదు, అంచనా మార్పు, లెక్క సవరణ, పనిలో మార్పు అని నాలుగు మాటలు ముందే పెట్టి వాటిలోంచే ఎంచుకోమనడం. పనిలో మార్పు అని ఎంచుకుంటే మాత్రం ఎవరు, ఎప్పటిలోగా, ఏ అంకె కదిలితే అది పనిచేసిందని అనుకోవాలి, ఈ మూడూ రాయాల్సిందే.

ఇంకో సందేహం వస్తుంది, కారణం ఇంకా ఖాయం కాకపోతే? రిజిస్టర్లు రావడానికి ఆలస్యమవుతుంది, నోట్ రేపటికి కావాలి. అప్పుడు "అనుమానం" అని రాసి, ఏ కాగితం చూస్తే తేలుతుందో రాసి, దిద్దుబాటు గడిలో ఆ కాగితం ఎవరు ఎప్పటిలోగా చూస్తారో మాత్రమే రాయాలి. అనుమానం మీద దిద్దుబాటు పెట్టొద్దు. తలలు తీసే దగ్గర కోత ఎక్కువవుతోందని అనుమానం మీదే ఆడవాళ్ల రేటు తగ్గించడమో, సూపర్‌వైజర్‌ని మార్చడమో జరిగిపోతే తర్వాత రిజిస్టర్ వచ్చి సాఫ్ట్ షెల్ అని చెప్పినా అది వెనక్కి తీసుకోవడం మాటలు కాదు.

జూలైలో అసలు పరీక్ష

దిద్దుబాటు పనిచేసిందా లేదా అనేది జూలై అంకెల్లో చూడాలి, ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. జూలైలో కూడా 110 టన్నులు తయారయ్యాయనుకుందాం, నెలాఖరున మధ్యలో సరుకేం మిగల్లేదనుకుందాం. అన్ని లాట్లూ సరిగ్గా 1.6 చొప్పున నడిచినా పట్టాల్సిన 176 టన్నుల్లో 3.3 టన్నులు జూన్‌లోనే ఇష్యూ అయిపోయాయి కాబట్టి జూలై ఇష్యూ 172.7 టన్నులే కనిపిస్తుంది. భాగిస్తే 1.57. బడ్జెట్ కంటే బాగా చేసినట్టు.

ఇప్పుడు సాఫ్ట్ కోత పట్టిక ఎవరూ తయారు చేయలేదనుకోండి, జూన్‌లో లాగే 2.2 టన్నులు మళ్లీ పోయాయనుకోండి. 172.7కి 2.2 కలిపితే 174.9, 110తో భాగిస్తే 1.59. ఇది కూడా బడ్జెట్ 1.6 కంటే తక్కువే. అంటే దిద్దుబాటు అసలు జరక్కపోయినా జూలై రిపోర్టు పచ్చగా వస్తుంది, మీటింగ్‌లో "పోయిన నెల తీసుకున్న చర్యల వల్ల యీల్డ్ మెరుగుపడింది" అని ఒకరు చదువుతారు, అందరూ తలూపుతారు.

అందుకని ఫాలోఅప్‌లో నెల మొత్తం యీల్డ్‌ని చూడకూడదు. సాఫ్ట్ శాతం ఎక్కువున్న లాట్లని విడిగా తీసి రెండు విషయాలు చూడాలి: ఆ లాట్ల బిల్లుల్లో కోత పడిందా, ఆ కోత తీసేశాక మనం డబ్బు కట్టిన తూకం మీద లెక్కిస్తే కేజీకి 1.6 దగ్గరికి వచ్చిందా. రొయ్య మెత్తగా ఉన్నంతకాలం ప్లాంట్‌లో తూకం మీద కేజీకి 1.73 దగ్గరే పడుతుంది, దాన్ని ఎవరూ మార్చలేరు, మారాల్సింది ఎంత తూకానికి డబ్బు కడుతున్నాం అనేదే. ఇంకోటి, చెరువు రొయ్య పెంకు విడిచే రోజులు క్యాలెండర్‌లో ముందే తెలుసు కాబట్టి జూలై అమావాస్య, పౌర్ణమి తర్వాత నాలుగైదు రోజుల లాట్లు చూస్తే చాలు, నెలాఖరు దాకా ఆగక్కర్లేదు.